ఏడో రోజు వెనక్కొచ్చిన కుర్తీ

ఆన్‌లైన్‌లో అమ్మిన వస్తువు వెనక్కి వస్తే, దానితో పాటు ఒక చిన్న కారణం కూడా వస్తుంది. ‘సైజు సరిపోలేదు’, ‘నాణ్యత బాగోలేదు’, ‘ఫొటోలో ఉన్నట్టు లేదు’, ‘ఇక అక్కర్లేదు’. కొన్నవారు ఫోన్‌లో వేలితో నొక్కి ఎంచుకున్న మాటలివి. చిన్న వ్యాపారులు చాలామంది నెలాఖరుకి ఈ కారణాలను కూడి, ఏది ఎక్కువుంటే దాని మీద పడతారు. సైజు రిటర్నులు ఎక్కువైతే దర్జీని మారుస్తారు, నాణ్యత అంటే బట్ట ఇచ్చినవాడితో గొడవ పెట్టుకుంటారు. వచ్చే నెల చూస్తే రిటర్నులు ఉన్నచోటే ఉంటాయి.

లోపం ఎక్కడుందంటే, కారణం అనేది కొన్నవారు చెప్పిన మాట. ఆ మాట ఎంచుకునేటప్పుడు వాళ్ల మనసులో ఉండేది డబ్బు వెనక్కి రావడమే తప్ప అమ్మకందారుకి సమాచారం ఇవ్వడం కాదు. భారత ప్రభుత్వం 2020లో తెచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వస్తువు లోపభూయిష్టంగా ఉన్నా, ప్రకటించిన లక్షణాలు లేకపోయినా అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనకూడదు. ‘మనసు మారింది’ అన్న మాటకి అంత బలం లేదు. ఈ తేడా చట్టం చదవకపోయినా కొనేవాళ్లకి అనుభవం మీద తెలిసిపోతుంది. అందుకే మనసు మారినవాళ్లలో కొందరు కూడా ‘నాణ్యత’ మీదే నొక్కుతారు.

కాబట్టి కారణాన్ని ఒంటరిగా నమ్మడం కష్టం. దాని పక్కన మరో రెండు సంగతులు పెట్టి చూడాలి. ఏ వస్తువు వెనక్కి వచ్చింది? చేతికందిన ఎన్నో రోజున వెనక్కి ఇస్తామన్నారు? ఈ మూడింటిలో రోజుల లెక్కని పట్టించుకునేవాళ్లు తక్కువ. నిజానికి ఎక్కువ సంగతులు చెప్పేది అదే, ఎందుకంటే రోజుని ఎవరూ ఎంచుకుని నొక్కరు. అది జరిగిపోయిన పని.

మంగళగిరిలో ఒక చిన్న దుకాణం ఉందనుకుందాం. ఒకావిడ ఇంటి ముందు గదిలో నడుపుతున్నారు. చేనేత నూలు బట్టతో కుర్తీ సెట్లు, దుపట్టాలు, మగవాళ్ల చొక్కాలు, పొడవాటి గౌన్లు కుట్టించి ఆన్‌లైన్‌లో అమ్ముతారు. రిటర్న్ గడువు డెలివరీ అయిన దగ్గర్నుంచి 7 రోజులు. ఇక్కడి అంకెలు లెక్క తేలిగ్గా అర్థం కావడానికి వేసుకున్నవి.

అక్టోబరులో ఆమె పంపిన ఆర్డర్లలో 400 కొన్నవారి చేతికి చేరాయి. వాటిలో 52 వెనక్కి వచ్చాయి. అంటే నూటికి 13. ఈ ఒక్క అంకె చూసి చేయగలిగింది ఏమీ లేదు. వస్తువుల వారీగా విడదీస్తే దుపట్టాలు 130 వెళ్లి 4 వచ్చాయి. చొక్కాలు 80 వెళ్లి 9, గౌన్లు 40 వెళ్లి 6 వచ్చాయి. కుర్తీ సెట్లు 150 వెళితే 33 వచ్చాయి, నూటికి 22. వెనక్కొచ్చిన ప్రతి మూడింటిలో దాదాపు రెండు కుర్తీలే.

గౌన్ల రేటు నూటికి 15, చొక్కాలది 11. చూడగానే గౌన్లు కూడా సమస్యే అనిపిస్తుంది. కానీ ఆ ఆరు రిటర్నులని తెరిచి చూస్తే అందులో రెండు ఒకే ఇంటివి. ఒకావిడ ఒకే గౌనును మూడు సైజుల్లో తెప్పించుకుని, సరిపోయింది ఉంచుకుని మిగతా రెండూ పంపేశారు. ఆ రెండూ తీసేస్తే గౌన్లూ చొక్కాల పక్కకే వస్తాయి. 40 ఆర్డర్ల మీద నూటికి ఇంత అని తీర్పు చెప్పడంలో ఉండే ప్రమాదం ఇదే. ఒక్కరి అలవాటు అంకెని అటూ ఇటూ తిప్పేస్తుంది. దీనికి రెండో వైపు కూడా ఉంది. కొత్తగా పెట్టిన వస్తువు 12 అమ్ముడై ఒక్కటీ వెనక్కి రాకపోతే సంబరపడాల్సిన పని లేదు. గణాంకాలవాళ్లు వాడే ఒక చిట్కా లెక్క ఉంది. రిటర్న్ ఒక్కటీ లేనప్పుడు 3ని అమ్మిన సంఖ్యతో భాగించాలి. 3ని 12తో భాగిస్తే నాలుగో వంతు. అంటే అసలు రిటర్న్ రేటు నూటికి 25 దాకా ఉన్నా ఇలా సున్నా కనిపించవచ్చు.

లెక్కలోకి దిగేముందు తీసి పక్కన పెట్టాల్సినవి ఉన్నాయి. అమ్మకందారులు ‘ఆర్‌టీఓ’ అని పిలిచే పార్సిళ్లు అసలు కొన్నవారి చేతికే చేరవు. తలుపు తాళం వేసి ఉండటం, ఫోన్ ఎత్తకపోవడం, క్యాష్ ఆన్ డెలివరీ పార్సిల్ వద్దనడం వంటి వాటితో కొరియర్ దగ్గర్నుంచే తిరిగొస్తాయి. వస్తువుని ఎవరూ చూడనే లేదు కాబట్టి వస్తువు గురించి అవి ఏమీ చెప్పవు. వాటికి వేరే లెక్క ఉండాలి. ఎక్కువ దుకాణాల్లో ఇవీ అవీ ఒకే షీట్‌లో కలిసిపోయి, క్యాష్ ఆన్ డెలివరీ ఎక్కువగా వెళ్లే వస్తువు చెడ్డదిగా కనిపిస్తుంది.

రద్దయిన ఆర్డర్లు కూడా ఇలాగే దారి తప్పిస్తాయి. ఆన్‌లైన్‌లో కానుక వస్తువులు అమ్మే ఒక బ్రిటన్ దుకాణం తాలూకు లావాదేవీల ఫైలు ప్రపంచమంతా విద్యార్థులు సాధన చేసే డేటాల్లో ఒకటి. 2010 డిసెంబరు నుంచి 2011 డిసెంబరు దాకా జరిగిన అమ్మకాలు, ఐదు లక్షల పైచిలుకు వరుసలు. వెనక్కి తీసుకున్న బిల్లు నంబరు ముందు C అనే అక్షరం ఉంటుంది. అందులో 2011 డిసెంబరు 9న ఉదయం 9:15కి ఒకరు కాగితపు పిట్టల బొమ్మలు 80,995 ఆర్డరిచ్చారు. 9:27కి అదే సంఖ్య రద్దయింది. అదే ఏడాది జనవరి 18న 74,215 పింగాణీ జాడీలకు ఆర్డరు పడి, పదహారు నిమిషాల్లో రద్దయింది. పొరపాటున పడ్డ ఆర్డర్లని చూడగానే తెలుస్తుంది. కానీ వీటినీ రిటర్నులుగా కూడితే ఆ రెండు వస్తువులూ అమ్మినవన్నీ వెనక్కొచ్చిన సరుకులా కనిపిస్తాయి. కొన్న సమయానికీ వెనక్కి ఇచ్చిన సమయానికీ మధ్య ఎంత గడిచిందో ఒక్క కాలమ్ వేసుకుంటే ఇలాంటివి వాటంతటవే బయటపడతాయి. పన్నెండు నిమిషాల్లో వస్తువు గడప దాటదు కదా.

ఆ ఫైలులో ఇంకో పాఠం ఉంది. వెనక్కొచ్చిన బిల్లు మీద అసలు బిల్లు నంబరు ఉండదు. ఏ కొనుగోలుకి ఏ రిటర్నో కొన్నవారి నంబరూ వస్తువూ చూసి ఊహించుకోవాల్సిందే. మన దగ్గర వెబ్‌సైట్లు ఇచ్చే రిటర్న్ ఫైలులో ఆర్డరు నంబరు ఉంటుంది, ఆ కష్టం లేదు. కాకపోతే దాన్ని ఎక్సెల్‌లో తెరిచేటప్పుడు జాగ్రత్త పడాలి. పూర్తిగా అంకెలే ఉన్న నంబరు 15 అంకెలు దాటితే, మిగతావాటిని ఎక్సెల్ సున్నాలు చేసేస్తుంది. రెండు వేర్వేరు ఆర్డర్లు ఒకటే అయిపోతాయి, అమ్మకాల ఫైలుతో జత కుదరదు. ఆ కాలమ్‌ని ముందే ‘టెక్స్ట్’ అని చెప్పి తెచ్చుకోవాలి. ఒకే ఆర్డరులో రెండు వస్తువులుంటే ఆర్డరు నంబరు ఒక్కటే సరిపోదు, దానితో పాటు వస్తువు కోడ్ కూడా చూడాలి.

ఇక రోజుల లెక్క. కొన్న రోజు నుంచి లెక్కించడం అందరికీ ముందు తోచే పద్ధతి, ఎందుకంటే ఆ తేదీ ఎక్కడైనా దొరుకుతుంది. కానీ మంగళగిరి నుంచి విజయవాడకి పార్సిల్ రెండో రోజుకే చేరిపోవచ్చు, గువాహటికి ఎనిమిదో రోజు కావచ్చు. ఇద్దరూ అందిన మర్నాడే వద్దన్నారనుకోండి. కొన్న రోజు నుంచి చూస్తే ఒకరిది 3, ఇంకొకరిది 9. ఒకరు తొందరగా, మరొకరు ఆలస్యంగా ఇచ్చినట్టు కనిపిస్తారు. నిజానికి ఇద్దరూ చేసింది ఒకటే. అందుకని కొన్న రోజు నుంచి గడిచిన కాలాన్ని రెండు ముక్కలు చేయాలి. దారిలో పట్టిన రోజులు, చేతిలో ఉన్న రోజులు. వస్తువు గురించి చెప్పేది రెండో ముక్క.

ఆ రెండో ముక్క చివర ఏ తేదీ పెట్టాలన్నది కూడా చూసుకోవాలి. రిటర్న్ అడిగిన తేదీ, కొరియర్ తీసుకెళ్లిన తేదీ, దుకాణానికి చేరిన తేదీ, డబ్బు వాపసు చేసిన తేదీ అని నాలుగు ఉంటాయి. అడిగిన తేదీనే వాడాలి. మిగతా మూడూ కొరియర్ వేగాన్ని చెబుతాయి తప్ప కొన్నవారి సంగతి చెప్పవు. ఫైలులో తేదీ చాలాసార్లు `2024-10-03T18:22:10+05:30` ఇలా అక్షరాల రూపంలో వస్తుంది. తీసివేత చేయబోతే తప్పు చూపిస్తుంది. డెలివరీ తేదీ C కాలమ్‌లో, అడిగిన తేదీ D కాలమ్‌లో ఉంటే ఈ మూడూ చాలు.

```
E2: =DATEVALUE(LEFT(C2,10))
F2: =DATEVALUE(LEFT(D2,10))
G2: =F2-E2
```

G కాలమ్‌లో వచ్చేది చేతిలో ఉన్న రోజులు. వస్తువు కోడ్ A లోనూ, కారణం H లోనూ ఉంటే, అయిదో రోజు నుంచి సైజు కారణంతో వచ్చిన కుర్తీలెన్నో ఒక్క వరుసలో తేలుతుంది.

```
=COUNTIFS(A:A,"KRT-NEEL*",H:H,"SIZE",G:G,">=5")
```

మంగళగిరి దుకాణంలో వెనక్కొచ్చిన 33 కుర్తీలకి కారణాలు ఇలా ఉన్నాయి. సైజు 14, నాణ్యత 11, ఫొటోలో ఉన్నట్టు లేదన్నవి 5, అక్కర్లేదన్నవి 3. ఇంతవరకే చూస్తే సైజు మొదటి దోషి. ఇప్పుడు ప్రతి కారణాన్నీ రోజుల మీద పరిచి చూడాలి. ఫొటోలో ఉన్నట్టు లేదన్న అయిదూ మొదటి రెండు రోజుల్లోనే వచ్చాయి. అది సహజం. రంగు తేడా పార్సిల్ విప్పగానే కనిపిస్తుంది, దానికి వారం అక్కర్లేదు. సైజు 14లో 8 కూడా ఆ రెండు రోజుల్లోవే. తొడిగి చూశారు, పట్టలేదు, పంపేశారు. కానీ మిగతా 6 సైజు రిటర్నులు అయిదు, ఆరు, ఏడు రోజుల్లో పడ్డాయి. నాణ్యత 11లో 8 కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే ఉన్నాయి.

తొడిగిన మొదటి రోజు తెలియని సైజు ఆరో రోజు ఎలా తెలిసింది? మధ్యలో ఏదో జరిగి ఉండాలి. ఆ ఆరింటిలో ఒక్కటి కూడా ‘పెద్దదైంది’ అనలేదు. ఆరూ ‘బిగుతు’ అన్నవే.

ఈ దశలో కంప్యూటర్ మూసి, వెనక్కొచ్చిన సరుకున్న సంచి తెరవాలి. ఆలస్యంగా వచ్చిన 14 కుర్తీలనీ బల్ల మీద పరిచి టేపు పెట్టారు. ఛాతీ దగ్గర 40 అంగుళాలు ఉండాల్సినవి చాలావరకు 38 న్నరకి దిగాయి. బట్టలో గంజి లేదు, మెత్తగా అయిపోయింది, ఒకటి రెండింట్లో సబ్బు వాసన ఇంకా ఉంది. అంటే అవి ఒకసారి నీళ్లలో పడ్డాయి. 40కి అంగుళంన్నర తగ్గడమంటే నూటికి నాలుగు లోపు. తడపకుండా కోసిన నూలు బట్ట మొదటి ఉతుకులో ఆ మాత్రం కుంచించుకుపోవడం వింతేమీ కాదు. వదులు కోసం ఇచ్చిన అంగుళం కాస్తా పోతే తొడుక్కున్నవాళ్లకి చంక దగ్గర పట్టేస్తుంది.

“తాను తడిపి కోశారా మాస్టారూ?” అని ఆవిడ అడిగితే, కటింగ్ మాస్టరు తలెత్తకుండానే, “తడిపి ఆరేసే టైం ఎక్కడుందమ్మా, పండగ ఆర్డర్లు గదా” అంటాడు. తెలుగు ఊళ్లలో నూలు బట్ట కుట్టడానికిస్తే ముందు తడిపి తెమ్మని చెప్పే దర్జీలు ఇప్పటికీ ఉన్నారు. పది మీటర్లు తడపడం ఇంట్లో పనే. దసరా ముందు వందల మీటర్ల తానులు తడిపి, నీడన ఆరబెట్టి, ఇస్త్రీ చేయడానికి స్థలమూ కావాలి, రోజులూ కావాలి. అక్కడ మిగుల్చుకున్న రోజులే రిటర్నులై తిరిగొచ్చాయి.

ఇలా చూస్తే సైజు అన్న 6, నాణ్యత అన్న 8 ఒకే లోపానికి రెండు పేర్లు. ఒకరికి కుంచించుకుపోయిన బట్ట ‘సైజు’ అనిపించింది, ఇంకొకరికి ‘నాసిరకం’ అనిపించింది. కారణాల పట్టికలో ఇవి రెండు వేర్వేరు గళ్లలో పడి, ఒకదాని పక్కన ఒకటి ఉన్నా చుట్టాలని తెలియకుండా ఉండిపోయాయి. రోజుల వారీగా పేర్చినప్పుడు కలిశాయి. కుర్తీ రిటర్నుల్లో అతి పెద్ద ముక్క ఇదే, 33లో 14.

మొదటి రెండు రోజుల్లో వచ్చిన 8 సైజు రిటర్నులు వేరే కథ. అవి ఉతికినవి కావు, కొలతలు చెప్పినట్టే ఉన్నాయి. వాటిలో 7 బిగుతు అన్నవి, అన్ని సైజుల్లోనూ పరుచుకుని ఉన్నాయి. ఒక్క ‘ఎక్స్‌ఎల్’లోనే ఉంటే ఆ కటింగ్ ఒక్కటే తప్పని అనుకోవచ్చు. అన్నింట్లో ఉందంటే సైజుల పట్టిక వైపు చూడాలి. చూస్తే, ఆ పట్టికలో ‘ఛాతీ 40’ అని రాసింది కుర్తీ కొలత. కొన్నవారు దాన్ని ఒంటి కొలత అనుకున్నారు. ఒళ్లు 40 ఉన్న మనిషి 40 కుర్తీ తొడిగితే ఊపిరి ఆడదు. దర్జీని మారిస్తే ఇది పోదు. పట్టికలో ఒక మాట మార్చాలి, కుర్తీని పరిచి టేపు పెట్టిన ఫొటో ఒకటి చేర్చాలి.

ఆలస్యపు రిటర్నులన్నీ ఉతుకువే అనుకోవడం కూడా పొరపాటే. పండగ వారంలో గడువు చివరి రోజున వచ్చేవాటిలో ఒకసారి కట్టుకుని పంపేసినవీ ఉంటాయి. మెడ దగ్గర పౌడరు మరక, అత్తరు వాసన, పసుపు చుక్క వాటిని పట్టిస్తాయి. రోజు దారి మాత్రమే చూపిస్తుంది, చేతిలో పట్టుకుని చూడందే నిర్ధారణ కాదు. వెనక్కొచ్చిన ప్రతిదానికీ ‘ఉతికింది, కట్టింది, కొత్తది, దెబ్బతిన్నది’ అని నాలుగింట్లో ఒక మాట అదే షీట్‌లో మన చేత్తో రాసుకుంటే, కొన్నవారు నొక్కిన కారణానికి పక్కనే మనకి తెలిసిన కారణం ఉంటుంది. రిటర్న్ పార్సిళ్లని మూలన పడేసి నెలకోసారి విప్పేవాళ్లకి ఈ సదుపాయం లేదు. అప్పటికి సబ్బు వాసనా పోతుంది, ఏది ఏ ఆర్డరుదో కూడా తెలియదు.

ఇదంతా ఎప్పుడు లెక్కించాలన్నది ఇంకో చిక్కు. ఆవిడ ఇదే లెక్కని అక్టోబరు 31 రాత్రి వేసి ఉంటే కుర్తీలు 150కి 21 రిటర్నులే కనిపించేవి, నూటికి 14. ఫర్వాలేదనుకుని పడుకునేవారు. నెల చివరి వారంలో చేరిన కుర్తీలకి ఇంకా ఏడు రోజులు నిండలేదు, చాలావాటిని అప్పటికి ఉతకనే లేదు. నవంబరు 20న చూస్తే అదే 150కి 33. కొత్త ఆర్డర్లు ఎప్పుడూ మంచివిగానే కనిపిస్తాయి, వాటికి వెనక్కొచ్చే సమయం దొరకలేదు కాబట్టి. అమ్మకాలు పెరుగుతున్న దుకాణంలో ఈ మాయ ఇంకా ఎక్కువ, ఎందుకంటే కొత్తవి పాతవాటి కంటే ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. ఉతికాక వచ్చే రిటర్నులైతే మరీ దాక్కుంటాయి. అందుకని గడువు పూర్తయిన ఆర్డర్లనే లెక్కలోకి తీసుకోవాలి. ఈ నెలలో వచ్చిన రిటర్నులని ఈ నెల అమ్మకాలతో భాగించడం ఎంత అలవాటైనా మానేయాలి. ఈ నెల వచ్చినవాటిలో కొన్ని పోయిన నెల సరుకు.

నవంబరులో తానులు తడిపి కోయడం మొదలుపెట్టారు. కొత్త కుర్తీలని పాతవాటితో కలవకుండా ఎలా గుర్తుపట్టాలన్నది తర్వాతి ప్రశ్న. వస్తువు కోడ్ మార్చి కొత్తగా పెట్టడం తేలిక మార్గంలా ఉంటుంది. కొత్తగా పెడితే పాతదాని కింద జనం రాసిన అభిప్రాయాలు, రేటింగులు పోవచ్చు. అంతకంటే, తడిపిన బట్ట కుర్తీలు ఏ తేదీ నుంచి ప్యాక్ చేశారో పుస్తకంలో రాసుకుంటే చాలు. కాకపోతే పాత సరుకు పూర్తిగా అయిపోయాకే కొత్తది తీయాలి. రెండూ ఒకే అలమరలో కలిపేస్తే తేదీ దేనికీ పనికిరాదు.

ఆ తేదీ తర్వాత 120 కుర్తీలు చేరి, వాటి గడువు ముగిశాక లెక్క చూస్తే 15 వెనక్కి వచ్చాయి. నూటికి పన్నెండున్నర, ముందున్న 22తో పోలిస్తే బాగా తక్కువ. అయినా ఈ ఒక్క అంకెతో తడపడం వల్లే తగ్గిందని చెప్పలేం. పండగ హడావుడి తగ్గినందువల్ల కూడా తగ్గి ఉండొచ్చు. రోజుల వారీగా చూస్తే సందేహం చాలావరకు తీరుతుంది. అయిదో రోజు నుంచి ఏడో రోజు దాకా వచ్చినవి 150కి 14 నుంచి 120కి 2కి పడిపోయాయి. మొదటి రెండు రోజుల్లో వచ్చినవి 150కి 16 ఉండగా ఇప్పుడు 120కి 12, అంటే నూటికి పదిన్నర నుంచి పదికి. ఇంచుమించు అక్కడే ఉన్నాయి. తడిపిన బట్ట ఉతుకు తర్వాత వచ్చే రిటర్నులనే తగ్గించాలి, తొడగ్గానే వచ్చేవాటిని కాదు. జరిగింది అదే. ఒకవేళ రెండూ సమానంగా తగ్గి ఉంటే కారణం ఇంకెక్కడో ఉందని వెతుక్కోవాల్సి వచ్చేది.

సైజుల పట్టికని ఆవిడ కావాలనే ఆ 120 కుర్తీలూ చేరేదాకా ముట్టుకోలేదు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదని. డిసెంబరు మొదటి వారంలో ‘ఇవి కుర్తీ కొలతలు, మీ ఒంటి కొలతకి మూడు అంగుళాలు ఎక్కువున్న సైజు ఎంచుకోండి’ అని పట్టిక పైన తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాయించి, ఆ తేదీని కూడా పుస్తకంలో వేసుకున్నారు. ఈసారి ఆవిడ చూసేది మొదటి రెండు రోజుల రిటర్నులని, అదీ జనవరి రెండో వారం దాటాక.